అరగంటే ఉంది, మావయ్యా

ఇంటర్నల్స్‌కి ముందురోజు సాయంత్రం కాశీబుగ్గ నుంచి మావయ్య వాయిస్ మెసేజ్ పెట్టాడు. "రేపు కిడ్నీ డాక్టర్ దగ్గరికెళ్తన్నాను. ఈ రిపోర్టులేటో నాకర్థం కావట్లేదు. ఓపాలి ఫోన్ సెయ్యి."

మావయ్యతో ఫోనంటే రెండు గంటలు. కిందటిసారి కొబ్బరితోట, జీడిపిక్కల రేటు, చుట్టాల గొడవలు అన్నీ అయ్యాయి గానీ రిపోర్టు సంగతి తేలలేదు. ఆ రాత్రి నాకున్నది అరగంట. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద స్కూల్లో దింపిన మనిషికి ఆ మాట టైప్ చేయడానికి చెయ్యి రాలేదు. పైగా ఉద్దానంలో కిడ్నీ జబ్బంటే ఏంటో మాకు తెలుసు. షుగర్ లేనివాళ్ళకీ వస్తుంది, చాలాకాలం నొప్పి కూడా ఉండదు.

చివరికి ఇలా రాశాను:

"మావయ్యా, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా అరగంటే ఉంది. ఈలోగా పాత రిపోర్టులన్నీ, వాడుతున్న మందుల అట్టలన్నీ పేరు కనబడేలా ఫోటోలు తీసి పంపు. పది నిమిషాలు రిపోర్టులు, పది నిమిషాలు మందులు, చివరి పది నిమిషాలు డాక్టర్ని అడగాల్సినవి రాసుకుందాం. మిగతా కబుర్లు ఆదివారం."

"సరే" అని ఒక్క ముక్క వచ్చింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

ఫోటోలు మూడు రిపోర్టులవి. తారీఖుల వరుసలో పెడితే పద్నాలుగు నెలల్లో క్రియాటినిన్ 1.6, 1.9, 2.4. మావయ్య చివరిదొక్కటే చూసి, "పాయింట్లలోనే కదా" అనుకున్నాడు. ల్యాబ్ మారినా, నీళ్ళు తక్కువ తాగినా ఈ నంబర్ కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకే ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. కానీ మూడుసార్లూ పైకే వెళ్తే డాక్టర్‌కి ఆ వరుస కనబడాలి. జబ్బు ఏ దశలో ఉందో చెప్పడం నా పని కాదు, అది చెప్పలేదు.

రెండో పది నిమిషాల్లో అసలు విషయం బయటపడింది. బీపీ మాత్రలతో పాటు డైక్లోఫెనాక్ అట్ట ఉంది. "అది మందేటి, మోకాళ్ళ నొప్పికి షాపులో కొనుక్కుంటాను, బస్తాలు మోసిన రోజు రెండేసుకుంటాను" అన్నాడు. అలాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీకి ఇంకా చెరుపు చేస్తాయి. డాక్టర్ని అడిగేదాకా వేసుకోవద్దన్నాను.

చివర్లో కాగితం మీద మావయ్య చేతే రాయించాను: మూడు తారీఖులు, మూడు నంబర్లు, మందులన్నీ (నొప్పి మాత్ర మొదట), రెండు ప్రశ్నలు. నొప్పికి బదులు ఏం వాడాలి? మళ్ళీ టెస్ట్ ఎప్పుడు? రాసేసరికి తొమ్మిదీ మూడు.

మర్నాడు పరీక్ష రాసి బయటికొచ్చి ఫోన్ చేశాను. డాక్టర్ కాగితం చూసి ముందు ఆ నొప్పి మాత్ర గురించే అడిగి, దాన్ని ఆపించారట. మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారట.

"అప్పుడూ అరగంటేనేటి?" అన్నాడు మావయ్య.

"అరగంటే. ఫోటోలు ముందు పంపు."