ఎడారిలో శివరాత్రి జాగారం

“ఇసక చూడ్డానికి అంత దూరం ఎందుకు బావా? మన కళింగపట్నం ఒడ్డున లేదేటి?” అన్నాడు విజయనగరంలో ఉండే మా బావమరిది.

నేను వెళ్తున్నది ఇసక కోసం కాదు, పొడిగాలి కోసం. మన శ్రీకాకుళం తీరంలో అమావాస్య రాత్రి కూడా గాలిలో సముద్రపు తేమ ఉంటుంది. ఆకాశం అంచుకు వచ్చేసరికి చుక్కలు మసకబారిపోతాయి. గంటసేపు కూర్చుంటే బైనాక్యులర్ అద్దం చెమర్చుతుంది. థార్ ఎడారిలో దుమ్ము లేవని రాత్రి అలా కాదు. ఇసకతిన్నె వెనక నుంచి చుక్కలు ఒక్కొక్కటే పైకి రావడం కనిపిస్తుంది.

ఇంతకుముందు ఒకసారి వెళ్లి పొరపాటు చేశాను. 2025లో సంక్రాంతి సెలవులు కలిసొచ్చాయని జైసల్మేర్ బయల్దేరాను. ఆ ఏడు పండగ ముందురోజే పుష్య పౌర్ణమి. వెన్నెల్లో తిన్నెలు వెండిలా మెరిశాయి, ఆ అందం మరచిపోలేను. కానీ చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే కనిపించాయి. గోడకు వేలాడే పంచాంగం ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తుంది కాబట్టి ఆనాటి తిథి ఏటేటా మారిపోతుంది. 2026లో అది బహుళ ఏకాదశి, రాత్రి చాలాభాగం చీకటే. 2027లో శుద్ధ అష్టమి దగ్గర, అంటే అర్ధరాత్రి దాకా చంద్రుడు ఉంటాడు. పౌర్ణమి తర్వాత చంద్రోదయం రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. బహుళ అష్టమికి అర్ధరాత్రి అవుతుంది. ఈ లెక్క ఒక్కటి గుర్తుంటే ప్రయాణం తేదీ ఎవరికి వారే పెట్టుకోవచ్చు.

అయితే చీకటి ఒక్కటే చాలదు. ఫొటోల్లో చూసే పాలపుంత నడిమి భాగం, ఆ తెల్లని మబ్బులాంటిది, ధనూరాశి వైపు ఉంది. ధనుర్మాసమంతా సూర్యుడు అక్కడే ఉంటాడు కాబట్టి మనం తిరుప్పావై వినే ఆ నెలలో అది పగటి వెలుగులో మునిగిపోతుంది. డిసెంబరులో ఎడారికి వెళ్లి పాలపుంత సరిగ్గా కనిపించలేదని బాధపడేవాళ్లకు కారణం ఇదే. వాళ్లకు పిల్లలకోడి, మృగశిర, ఆరుద్ర దివ్యంగా కనిపిస్తాయి, ఇది మాత్రం కనిపించదు. దాని కోసం ఫిబ్రవరి దాటాక తెల్లవారుజామున లేవాలి.

అందుకే ఈసారి మహాశివరాత్రి ఎంచుకున్నాను. అది ఎప్పుడూ మాఘ బహుళ చతుర్దశే, అమావాస్య ముందు రాత్రి. 2027లో మార్చి 6, శనివారం వచ్చింది. చంద్రుడు తెల్లవారబోతుండగా గానీ లేవడు. ఎడారిలో సూర్యుడు మన ఊరికన్నా ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా అస్తమిస్తాడు, పూర్తి చీకటి పడేసరికి ఎనిమిదవుతుంది. రాత్రి రెండున్నర దాటాక పాలపుంత నడిబొడ్డు ఆగ్నేయాన లేస్తుంది. నాలుగు నుంచి అయిదున్నర వరకు దాన్ని చూడ్డానికి మంచి సమయం. జాగారం ఎలాగూ చేస్తాం కదా.

జైసల్మేర్ ఎడారి ఉత్సవం మాఘ పౌర్ణమికి జరుగుతుంది. చుక్కలు కావాలనుకునేవాళ్లు ఆ రోజులకు దూరంగా ఉండడం మంచిది.

బస విషయంలో కూడా 2025లో దెబ్బతిన్నాను. నేను దిగిన గుడారాల చోట పదకొండు దాకా పాటలు, తెల్లవార్లూ జనరేటర్, తిన్నెల వైపు తిప్పిన పెద్ద దీపాలు. సమ్ తిన్నెల దగ్గర శిబిరాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. జైసల్మేర్‌కు నైరుతిగా ఉన్న ఖూరీ గ్రామం వైపు రద్దీ తక్కువ. ఈసారి గది బాగుంటుందా అని అడగడం మానేసి, దీపాలు ఎన్నింటికి ఆర్పుతారు, పక్క శిబిరం ఎంత దూరం, తిన్నె మీద మంచం వేస్తారా అని అడుగుతున్నాను. ఫోన్ కూడా రాత్రి తొమ్మిది దాటాకే చేస్తున్నాను. మాట్లాడేవాడి వెనక వినిపించే చప్పుడే అసలు జవాబు చెప్పేస్తుంది.

ఇక చలి. మన దగ్గర తేమ దుప్పటిలా పనిచేసి పగటి వేడిని పట్టి ఉంచుతుంది. అక్కడ పొడి ఆకాశంలోకి ఆ వేడి సూటిగా పోతుంది. మధ్యాహ్నం కాలు కాల్చిన ఇసక రాత్రికి చల్లబడిపోతుంది. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. మార్చిలో అంత ఉండదు గానీ, కదలకుండా పడుకుని ఆకాశం చూసేవాడికి నాలుగింటి గాలి ఎముకలు కొరుకుతుంది. నేను ఆనాడు పైన రెండు రగ్గులు కప్పుకుని, కింద ఒక్క దుప్పటితో ఇసక మీద పడుకుని వణికాను. ఒంటి వేడి కిందకే పోయింది. ఈసారి నులకమంచం, దాని మీద బొంత, పైన ఒక్క రగ్గు, చెవులకు టోపీ.

బావమరిది ఇదంతా విని, “మరి నేనూ వస్తాను” అన్నాడు. ఫిబ్రవరి 6 అమావాస్య రాత్రి ఇద్దరం కళింగపట్నం వెళ్దామనుకున్నాం. ఎర్రకాగితం చుట్టిన టార్చి పనికొస్తుందో లేదో అక్కడే చూసుకోవాలి. తొమ్మిది దాటాక దక్షిణాన అగస్త్య నక్షత్రం బాగా పైకి వస్తుంది. చెయ్యి చాపి పిడికిలితో కొలిస్తే సముద్రం మీద దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తు. నెల తిరిగాక ఖూరీలో అదే చుక్క ఒక్క పిడికిలి ఎత్తులోనే ఉంటుంది, చీకటి పడగానే.