రిజర్వేషన్ టికెట్టులో పేరు మార్పు

రైలు టికెట్టును ఒకరి పేరు మీద కొని ఇంకొకరు ప్రయాణం చేయడానికి వీల్లేదని 1989 నాటి రైల్వే చట్టం 53వ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్ ఒక మినహాయింపు కూడా ఇచ్చింది. సీటు ఖరారైన ప్రయాణికుడు, రైలు బయలుదేరడానికి 24 గంటల ముందే రాతపూర్వకంగా కోరితే, ఆ సీటును తన కుటుంబసభ్యుడి పేరుకు మార్పించుకోవచ్చు. రిజర్వేషన్ కార్యాలయం పర్యవేక్షకుడు దీన్ని మంజూరు చేస్తారు. ఒక సీటుకు ఈ అవకాశం ఒక్కసారే. తత్కాల్ టికెట్టుకు అసలు లేదు.

కుటుంబం అంటే ఎవరన్నదే ఇక్కడ అసలు మెలిక. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్య, భర్త: జాబితా ఇంతే. అల్లుడు, కోడలు, మనవడు, మేనల్లుడు ఇందులో లేరు. తెలుగు ఇళ్లలో ప్రయాణానికి చివరి క్షణంలో తోడు వెళ్లేది చాలాసార్లు వీళ్లే.

మైలవరం దగ్గరి ఒక మామిడి రైతు కుటుంబాన్ని ఊహించుకుంటే ఈ లెక్క స్పష్టమవుతుంది. 2019 మే నెల. సోమవారం రాత్రి పది గంటలకు విజయవాడలో ఎక్కేలా థర్డ్ ఏసీలో నలుగురికి టికెట్లు నెలల ముందే తీసుకున్నారు. శుక్రవారం కాయ కొనే వ్యాపారి సోమవారమే కోత అన్నాడు. రసాలు చెట్టు మీద ఆగవు, కాబట్టి ఇంటి పెద్ద ప్రయాణం ఆగింది. ఆయన బదులు అల్లుణ్ణి పంపుదామనుకున్నారు. నియమం ఒప్పుకోదు. కూతుర్ని పంపవచ్చు.

గడువు ఆదివారం రాత్రి పది వరకు ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ రిజర్వేషన్ కౌంటర్లు ఆదివారం సాధారణంగా మధ్యాహ్నం రెండు వరకే. అంటే నిజమైన గడువు ఆదివారం మధ్యాహ్నం. మైలవరంలో రైలు స్టేషను లేదు, బస్సెక్కి విజయవాడ వెళ్లాలి. టికెట్టు ఆన్‌లైన్‌లో కొన్నా పేరు మార్పు మాత్రం కౌంటరు దగ్గరే జరుగుతుంది. టికెట్టు ప్రింటు, దరఖాస్తు, గుర్తింపు కార్డు, బంధుత్వానికి రుజువు తీసుకెళ్లాలి.

చాలామంది తిరిగి రావలసివచ్చేది ఈ రుజువు దగ్గరే. పెళ్లయిన కూతురు ఆధార్‌లో సాధారణంగా భర్త పేరు ఉంటుంది, తండ్రి పేరు ఉండదు. రేషను కార్డు అత్తవారింటిది అయిపోయి ఉంటుంది. తండ్రి పేరున్న పదో తరగతి సర్టిఫికెట్టు ఇలాంటప్పుడు పనికొస్తుంది. అసలు ప్రతిని, నకలును రెంటినీ వెంట పెట్టుకోవడం మంచిది.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. టికెట్టు వెయ్యి రూపాయలు అనుకుంటే, 2015 నవంబరు 12 నుంచి అమలైన నియమాల ప్రకారం 48 గంటలకు ముందు రద్దు చేస్తే థర్డ్ ఏసీలో 180 రూపాయలు, ఆపై పన్ను పోతాయి. 48 నుంచి 12 గంటల మధ్య అయితే నాలుగో వంతు, అంటే 250 రూపాయలు. ఈ రేట్లు మారుతుంటాయి. అయితే పెద్ద నష్టం రద్దు ఛార్జీ కాదు. ఖాళీ అయిన బెర్తు కూతురికి రాదు, వెయిటింగ్ లిస్టులో ముందున్నవారికి వెళ్తుంది. ఆమెకు తత్కాల్ దొరికితే ఛార్జీపై 300 నుంచి 400 రూపాయలు అదనం, మే నెల రద్దీలో దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. అందుకే పేరు మార్పుకు అవకాశం ఉందో లేదో తేలాకే రద్దు బటన్ నొక్కాలి. ఎవరి పేరుకూ మార్చలేనప్పుడు ఆ ఒక్కరి టికెట్టే రద్దు చేయవచ్చు, మిగతా ముగ్గురి బెర్తులు అలాగే ఉంటాయి.

నలుగురి టికెట్టులో ఎవరో ఒకరు గుర్తింపు కార్డు చూపిస్తే చాలని, పెద్దాయన పేరు మీద అల్లుణ్ణి ఎక్కించేవారున్నారు. ఇది ప్రమాదం. తనిఖీలో పేరు, వయసు కలవకపోతే అతణ్ణి టికెట్టు లేని ప్రయాణికుడిగానే చూస్తారు. పూర్తి ఛార్జీ, దానిమీద అదనపు రుసుము కట్టాలి. టికెట్టును ఇంకొకరికి ఇవ్వడం 142వ సెక్షన్ కింద నేరం కూడా.

బుకింగ్ చేసేటప్పుడే దీన్ని ఆలోచిస్తే ఖర్చు తగ్గుతుంది. కోతల కాలంలో ప్రయాణం అనిశ్చితమైనప్పుడు, ఆ బెర్తును అల్లుడి పేరు మీద కన్నా అత్తగారి పేరు మీద తీసుకోవడం మేలు. ఆమె బెర్తు భర్తకు, కొడుకులకు, కూతుళ్లకు మారగలదు. అల్లుడి బెర్తు అతని భార్యాపిల్లలకు, కన్నవారికి, తోబుట్టువులకే మారుతుంది, మామగారింట్లో భార్య తప్ప ఎవరికీ పనికిరాదు.