నలుగురు అపరిచితులూ, నేనూ

నాకు వాలరెంట్ ఆడే ఫ్రెండ్స్ లేరు. జాలి కోసం చెప్పట్లేదు, ఈ వ్యాసానికి అదే ఇన్‌పుట్. మా బ్యాచ్‌లో అందరూ ఫోన్ గేమ్స్ వాళ్లే. కాబట్టి ర్యాంక్డ్‌లో నేను క్యూ నొక్కిన ప్రతిసారీ ముక్కూమొహం తెలియని నలుగురితో కలిసి, ఇంకో ఐదుగురి మీద ఆడాలి. మామూలుగా ముందు 13 రౌండ్లు గెలిచినవాళ్లదే మ్యాచ్. సోలోగా ఆడేవాడిని తినేసే ప్రశ్నలు రెండే. ఈ జట్లు న్యాయంగా పడ్డాయా? మనవాళ్ల నోళ్లు ఎలా ఉంటాయి? ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావని నాకనిపిస్తుంది.

పైకి కనిపించే ర్యాంకు ఒకటైతే, లోపల దాచి ఉంచే ఎంఎంఆర్ అనే అంకె ఇంకొకటి. మ్యాచ్‌మేకర్ చూసేది ఆ రెండోదాన్ని. రెండు జట్ల బలం దగ్గరదగ్గరగా ఉండేలా సర్దుతుంది. చిక్కు ఎక్కడంటే, సగటు సమానమైనంత మాత్రాన మనుషులు సమానం కారు. ఊరికే ఒక లెక్క అనుకుందాం. అటువైపు ఐదుగురూ 1500. ఇటువైపు 1900, 1700, 1500, 1300, 1100. సగటు రెండుచోట్లా 1500. కాగితం మీద న్యాయమే. కానీ చదరంగంలో వాడే ఈలో లెక్క ప్రకారం 400 తేడా ఉంటే బలమైనవాడు గెలిచే అవకాశం దాదాపు 91 శాతం. అంటే మన 1900 వాడు ఎదురుపడినవాళ్లందర్నీ ఊడ్చేస్తాడు. మన 1100 వాడు పదిసార్లు ఎదురైతే తొమ్మిదిసార్లు పోతాడు. ర్యాంకుల తేడాకి గేమ్‌లో హద్దులున్నాయి గానీ, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి వస్తే వాళ్ల మధ్య ఉన్న తేడాని మ్యాచ్‌మేకర్ విడదీయలేదు కదా.

ఇక స్కోర్‌బోర్డు తెరవండి. అట్టడుగున ఎవరి పేరుందో అందరికీ కనిపిస్తుంది. తిట్లు మొదలయ్యేది అక్కడే. "బాట్", "అన్‌ఇన్‌స్టాల్ చేసుకో", ఆ తర్వాత ఇంట్లోవాళ్ల మీదికి. సగటు దాచిన తేడా చాట్‌లో బయటపడుతుందన్నమాట.

అసలు మ్యాచ్‌మేకింగ్ నా మీద పగబట్టిందా లేదా అని తేల్చడానికి ఒక్క మ్యాచ్ చాలదు. ప్రతి మ్యాచ్ నిజంగా సగం-సగం అయినా, 50 మ్యాచ్‌ల్లో ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు ఓటములు వచ్చే అవకాశం సగానికి పైనే. కావాలంటే రూపాయి బిళ్ల ఎగరేసి చూడండి. ఇంకొకటి, చెడగొట్టేవాళ్లు ప్రతి పదిమందిలో ఒకడు ఉన్నాడనుకుందాం. మన జట్టులో మనం పోగా నలుగురే. ఆ నలుగురిలో కనీసం ఒకడు అలాంటివాడయ్యే అవకాశం 34 శాతం. అవతల ఐదుగురు కాబట్టి 41 శాతం. అంటే మనం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడితే, చాలా మ్యాచ్‌ల మీద లెక్క మనవైపే ఉంటుంది. అలాగే కాంపిటీటివ్‌లో సరిగ్గా నలుగురు కలిసి రావడానికి వీల్లేదు. వస్తే మిగిలిన ఆ ఐదోవాడి గతేంటో మీకే అర్థమవుతుంది.

కాబట్టి జట్ల సంగతి చాలావరకు న్యాయమే అంటాను. నోళ్ల సంగతే కాదు. ఒక మ్యాచ్‌లో ఒకమ్మాయి మొదటి రెండు రౌండ్లూ "బి మెయిన్‌లో ఇద్దరు" అని చక్కగా చెప్పింది. గొంతు వినగానే మా జట్టులో ఒకడు వెకిలిగా మొదలుపెట్టాడు. నేను "ఆపు బ్రో" అంటే నన్ను కూడా కలిపి తిట్టాడు. మూడో రౌండ్ నుంచి ఆమె మైక్ రాలేదు. ఆ తర్వాత బి వైపు ఎవరొస్తున్నారో మాకెవరికీ తెలియలేదు. టీమ్ గేమ్‌లో మాటంటే సమాచారం. ఒక బూతుతో ఐదుగురి కళ్లల్లో రెండు మూసుకుపోయాయి.

అప్పటినుంచి నాదొక లెక్క. ఎవడైనా కోప్పడితే వెంటనే మ్యూట్ చెయ్యను. వాడి మాటల్లో చోటు, సంఖ్య ఉన్నాయా అని చూస్తాను. "ఏ షార్ట్‌లో ఒకడు, దద్దమ్మా!" అంటే అందులో సమాచారం ఉంది, భరిస్తాను. వరుసగా రెండు రౌండ్లు తిట్టే తప్ప కబురు లేకపోతే వాడి వాయిస్, టెక్స్ట్ రెండూ ఆపేసి, మ్యాచ్ అయ్యాక రిపోర్ట్ కొడతాను. వేరేవాళ్ల గురించి ఎవడైనా ఆ అమ్మాయి దగ్గర మాట్లాడినట్టు మాట్లాడితే మాత్రం రెండు రౌండ్ల గడువు కూడా ఇవ్వను. నా పింగ్‌లు మాత్రం ఎప్పుడూ ఆపను.

అట్టడుగున ఉన్నవాడికి తిట్లు పడుతుంటే "నైస్ ట్రై" అని ఒక్కటి టైప్ చేస్తాను. మంచితనం అనుకోకండి. ఆ 1100 వాడు పోతూపోతూ చెప్పే "ఇద్దరున్నారు, ఒకడికి దెబ్బ తగిలింది" అన్న ముక్క నాకు కావాలి. వాడు అలిగి నోరు మూసుకుంటే మేం ఐదుగురం కాదు, నలుగురమే.