మీటింగుకి వచ్చేటప్పుడు దిద్దని కాగితాలు తెండి

పేరెంట్స్ మీటింగులో ఒక్కో కుటుంబానికి మాకు దొరికేది పది నిమిషాలు. "మావాడికి ఏకాగ్రత లేదు మేడమ్, కాస్త చూడండి" అని మీరు, "మేమూ చూస్తున్నామండీ" అని మేము అనుకునేసరికే అవి అయిపోతాయి. నరసరావుపేటలో చాలా ఏళ్లుగా ప్రైమరీ క్లాసులు చెబుతున్నదాన్ని. ఇలాంటి పిల్లల విషయంలో నాకు మాటలకన్నా కాగితాలే ఎక్కువ చెబుతాయి.

పోయిన ఏడాది నాలుగో తరగతి బాబు వాళ్ల అమ్మగారు మూడు కాగితాలు తెచ్చారు. ఒకటి, ఇరవై కూడికలూ తీసివేతలూ ఒకే పేజీలో, వాడొక్కడే కూర్చుని చేసింది. రెండోది, అలాంటివే ఇరవై, ఐదేసి చొప్పున నాలుగు చీటీలుగా ఇచ్చినవి. మూడోది, అమ్మ పక్కన కూర్చుంటే చేసింది. ప్రతిదాని మూలనా మొదలుపెట్టిన టైము, ముగించిన టైము పెన్సిలుతో వేసి ఉన్నాయి. దేన్నీ ఆవిడ దిద్దలేదు, ఫెయిర్ చేయించలేదు. రబ్బరుతో చెరిపేస్తే నాకు చూడ్డానికేం మిగలదు కదా!

మొదటి పేజీలో తొలి ఎనిమిది లెక్కలూ ఒప్పే. తొమ్మిదో లెక్క నుంచి తీసివేత గుర్తున్నచోట కూడేశాడు, రెండు లెక్కలు వదిలేశాడు. చీటీల్లో మాత్రం ఇరవైకి పద్దెనిమిది ఒప్పులు. తీసివేత రానివాడైతే మొదటి లెక్కలోనే, అప్పు తెచ్చుకునే దగ్గరే తప్పుతాడు, చీటీల్లోనూ తప్పుతాడు. వీడికి లెక్క వచ్చు, పేజీ చివరిదాకా నిలవలేకపోతున్నాడు. మూడో కాగితంలో అన్నీ ఒప్పే. అమ్మ వేలు పెట్టి చూపిస్తే పేజీ పూర్తవుతుందని దానివల్ల తెలిసింది.

ఒక్కరోజు కాగితం చూసి ఏదీ తేల్చలేం. నిద్ర చాలకపోయినా పిల్లలు ఇలాగే చేస్తారు. అందుకే వేర్వేరు రోజులవి తెండి. కంటిచూపు, వినికిడి పరీక్షలు ముందే చేయించండి.

ఇక చెప్పాల్సినవి ఒక చీటీ మీద రాసుకోండి. "అల్లరి", "బద్ధకం" వద్దు. "అన్నం తినే ఇరవై నిమిషాల్లో ఐదుసార్లు లేచాడు" అని రాయండి. ఎప్పటినుంచో కూడా రాయండి, డాక్టరు అడిగేదీ అదే. ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా సాగాలి, ఇల్లూ బడీ లాంటి రెండుచోట్లయినా కనిపించాలి. కాబట్టి డాక్టరుకి మా మాట కూడా కావాలి. ఆ పేరు పెట్టే పని మాత్రం మాది కాదు.

చివరగా, మమ్మల్ని ఒక్క మార్పు అడగండి. ఆ అమ్మగారు అడిగింది, వర్క్‌షీటు సగానికి మడిచి ఇమ్మని, రెండు వారాలపాటు. ఇచ్చాం. లెక్కల్లో వదిలేయడం తగ్గింది, తెలుగు డిక్టేషన్‌లో మాత్రం ఏ తేడా రాలేదు. ఆ రెండు వారాల కాగితాలూ తీసుకుని ఆవిడ గుంటూరులో డాక్టరుకి చూపించారు.

అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. మాకు జిరాక్సు చాలు.