గోడ వెనక ఎంత, గోడ మీద ఎంత

రాజపాలయం ఇంట్లో మేడ మీది బాత్రూమ్‌కి ఎంతయిందని మనవాళ్లు ఫోన్‌లో అడుగుతూనే ఉన్నారు. లక్షా ఎనభై వేలు. ఆ ఒక్క అంకె చెప్తే మీకు ఉపయోగం లేదు. అందులో టైల్స్ వెనక ఎంత పోయింది, కంటికి కనిపించేదానికి ఎంత మిగిలింది అన్నదే అసలు సంగతి. దాని మీదే పెద్దమ్మకీ నాకూ పది రోజులు వాదన నడిచింది. నేను చదివింది కన్నడ మీడియం, వాక్యం ఎక్కడైనా కన్నడం వైపు ఒరిగితే పెద్దలు సర్దుకోవాలి.

పూర్వం మన ఇళ్లలో స్నానం పెరట్లో, బావి పక్కన. కాగులో నీళ్లు కాచుకునేవాళ్లు, వాడిన నీళ్లు అరటిచెట్లకి పోయేవి. నీళ్లు ఎక్కడ కారినా ఇంటికి నష్టం లేదు. స్నానాలగది మేడ ఎక్కాకే ఈ తంటా వచ్చింది. మా ఇంట్లో ఆ గది కింద హాలుంది, ఆ గోడకే తాతముత్తాతల ఫోటోలున్నాయి. రెండేళ్లుగా సీలింగ్ మీద ఓదం పట్టి, సున్నం పెచ్చులుగా రాలుతోంది.

మేస్త్రి మొదట రాసిచ్చిన లెక్కలో గోడ వెనక పనికి నలభై అయిదు వేలు, మిగతా లక్షా ముప్పై అయిదు వేలు పైపైన. గోడకి వేలాడే కమోడ్, గోడలో దాచే ఫ్లష్ ట్యాంక్, అద్దం తలుపు, తల మీద పెద్ద షవర్. తై నెలలో పెళ్లి ఉంది, చుట్టాలొస్తారు కదా, పెద్దమ్మకి ఆ కాగితం బాగా నచ్చింది. కానీ ఓదం ఎక్కడినించి వస్తోందో ఆ కాగితంలో ఎక్కడా లేదు. అది తెలియకుండా డబ్బు పంచడం నాకు కుదరలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నా పనే అది, తప్పు ఎక్కడుందో ముందు విడదీసి చూడాలి.

నీళ్లు కారడానికి మూడు దారులే ఉంటాయి: నీళ్లు తెచ్చే పైపు, వాడిన నీళ్లు పోయే పైపు, లేకపోతే నేల. మొదట సీలింగ్ మీద ఓదం అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాం. వారం రోజులు ఆ బాత్రూమ్ వాడలేదు, పైనుంచి నీళ్ల వాల్వ్ మాత్రం తెరిచే ఉంచాం. తెచ్చే పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి తప్పు అక్కడుంటే గది వాడకపోయినా ఓదం పెరగాలి. మాకు పెరగలేదు, అంచు ఆరుతూ వచ్చింది. తర్వాత నేల తడవకుండా, గొట్టంతో నేరుగా ట్రాప్ లోపలికే రోజుకి పది బకెట్లు పోశాం. మూడు రోజులైనా మార్పు లేదు. చివరికి ట్రాప్ నోరు గుడ్డతో బిగించి నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టాం. రెండో రోజు సాయంత్రానికి ఓదం గీత దాటింది. అంటే తప్పు నేలది, ట్రాప్ చుట్టూ ఉన్న అతుకుది.

మేడ బాత్రూమ్‌లో శ్లాబ్‌ని కాస్త పల్లంగా వేసి, ఆ గుంతలో ఇటుక ముక్కలూ ఇసుకా నింపి, దాని మీద నేల వేస్తారు. టైల్స్ సందుల్లోంచి దిగిన నీళ్లు ఆ గుంతలోనే నిలిచిపోతాయి. పైన నేల ఎండినట్టే కనిపిస్తుంది, కింద శ్లాబ్‌లో కమ్మీలు తుప్పు పడుతుంటాయి. దీని మీద ఎంత ఖరీదైన టైల్ పరిచినా లాభం లేదు.

అందుకని లెక్క తిరగరాశాను. ప్రతి వస్తువు దగ్గరా ఒక్కటే ప్రశ్న: రేపు దీన్ని మార్చాలంటే టైల్ పగలగొట్టాలా? పగలగొట్టాలంటే ఇప్పుడే మంచిది వేయాలి. అక్కర్లేదంటే మామూలుది చాలు, డబ్బున్నప్పుడు మార్చుకోవచ్చు. కుళాయి మార్చడం అరగంట పని.

అలా గోడ వెనకకి ఎనభై అయిదు వేలు, కనిపించేదానికి డెబ్బై అయిదు, చేతిలో ఇరవై. గోడ వెనక ఎక్కువ పోయింది గుంతకే. పాత నింపుడు తీసి, శ్లాబ్ శుభ్రం చేసి, మూలల్లో జాలీ గుడ్డ అతికించి, వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేసి, మళ్లీ నింపడానికి ఇరవై ఆరు వేలు. పాత ఇనుప పైపులు లోపల తుప్పూ బోరు నీళ్ల ఉప్పూ పేరుకుని సన్నబడిపోయాయి. వాటి బదులు సీపీవీసీ వేశాం. పాత వాడిన నీళ్ల పైపులూ ట్రాప్ కూడా మార్చాం. గీజర్‌కి వేరే లైను, కరెంటు లీకైతే ఆగిపోయే ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. ఇందులో బేరం వద్దన్నాను.

పెద్దమ్మ ఊరుకుంటుందా. "పెళ్లికొచ్చినవాళ్లకి పైపులు చూపించి హారతి ఇస్తామా నాయనా?" అంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ఇల్లు చూసుకునేది ఆమె, నేను సెలవుకి వచ్చిపోయేవాణ్ణి. "పెద్దమ్మా, మీకు కావలసిన షవర్‌కి దారి ఇప్పుడే గోడలో పెట్టిస్తా, షవర్ మాత్రం మీ ఇష్టమొచ్చినప్పుడు కొనండి" అన్నాను. అదే చేశాం. పై షవర్‌కి పైపు వేసి మూత బిగించాం. గోడలో దాచే మిక్సర్ బదులు బయట కనిపించే మిక్సర్ పెట్టాం. దానికి గోడలో రెండు నోళ్లు ఆరంగుళాల దూరంలో ఉంటే చాలు. ఎక్కువ కంపెనీల మిక్సర్లకి అదే కొలత కాబట్టి రేపు ఎంత షోకైనది కొన్నా టైల్ ముట్టుకోకుండా బిగుస్తుంది. దాచే ఫ్లష్ ట్యాంక్ మాత్రం ఒప్పుకోలేదు. ఉప్పు నీళ్లకి లోపలి రబ్బర్లు తొందరగా పోతాయి, ఆ చిన్న కిటికీలోంచి చెయ్యి పెట్టి బాగుచేసేవాడు ఊళ్లో ప్రతిసారీ దొరకాలి కదా. అద్దం తలుపు ఆమే వదిలేసింది. నేల టైల్‌కి మాత్రం జారని రకమని కాస్త ఎక్కువే పెట్టాం, ఆమె మోకాళ్ల కోసం.

మేస్త్రికి డబ్బిచ్చే వాయిదాల్ని కూడా పరీక్షలకి కట్టాం. పైపులు అతికి ఒక రోజు ఆరాక, చేతి పంపుతో పది కిలోల ఒత్తిడి ఎక్కించి రాత్రంతా వదిలేశాం. పొద్దున ముల్లు కదల్లేదు. గోడ మూసేముందు కొలత టేపు ఆనించి పైపులన్నీ ఫోటో తీశాను. పూత ఆరాక ట్రాప్ మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టాం. "ఎండకి ఆవిరవుతాయి, తగ్గితే నన్ననకూడదు" అన్నాడు మేస్త్రి. పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు పెట్టి దానికీ గీత గీశాం. రెండూ ఒకేలా తగ్గితే అది ఆవిరే. ఒకేలాగే తగ్గాయి. రెండు రోజుల కూలి ఊరికే పోయిందని ఆయన గొణుక్కున్నా, ఆ వాయిదా అప్పుడే తీసుకున్నాడు.

చేతిలో ఉంచిన ఇరవై వేలలో పదకొండున్నర వేలు గుంత తవ్విన రోజే కదిలింది. ట్రాప్ దగ్గర శ్లాబ్ పైన కమ్మీలు బయటపడ్డాయి, తుప్పు. వాటిని గీకి, తుప్పు ఆపే పూత పూసి, మరమ్మతు సిమెంటుతో పూడ్చాం. టైల్స్ పగలగొట్టేదాకా ఎవరికీ కనిపించని ఖర్చది. ఆ ఇరవై వేలూ ముందే షవర్లో పెట్టేసి ఉంటే అక్కడే పని ఆగిపోయేది.

మిగిలిన ఎనిమిదిన్నర వేలతో పెద్దమ్మ అద్దం వెనక వెలిగే లైటూ, గోడ మధ్యలో ఒక వరస పూల టైల్స్ కొనిపించింది. ఆ పూల వరస నాకు నచ్చలేదు. పెళ్లికొచ్చినవాళ్లంతా దాన్నే చూసి బాగుందన్నారు.