ములాజా లేకుండా మాట్లాడాను

పోయిన సెమిస్టర్‌లో ఒక ఆదివారం మా ల్యాబ్ పార్ట్‌నర్ వాళ్ళింటికి వెళ్ళాను. నాతో పాటు మా క్లాస్‌వాళ్ళు ఇంకో ఇద్దరు. వాళ్ళిల్లు వన్ టౌన్‌లో, దర్గా కొండ కింద. వేరే ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్ళ కోసం చెప్తున్నా: పోర్టులోకి ఓడలొచ్చే దారి పక్కన మూడు కొండలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద చర్చి, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మావాడు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడతాడు.

వాళ్ళ తాతగారు పోర్టులోనే పనిచేసి రిటైర్ అయ్యారు. వాళ్ళ నాన్నగారు కూడా ఓడల దగ్గర మూటలు మోసినవారే. టీ తాగుతూ తాతగారు పాత సంగతులు చెప్తున్నారు. "మన పోర్టుకి మొదటి ఓడ అక్టోబర్‌లో వచ్చింది బేటా. మా నాన్న ఒడ్డున నిలబడి చూశాడంట" అన్నారు.

నా చేతిలో ఫోన్ ఉంది. ఊరుకోవచ్చు కదా, వెంటనే వెతికాను. "కాదండీ తాతగారూ. డిసెంబర్ 19, 1933. ఇదిగో, ఇక్కడ రాసుంది" అని ఫోన్ ఆయన ముందు పెట్టాను. అందరూ చూస్తున్నారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "అలాగా. మంచిది బేటా" అన్నారు. బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపి వేరే మాటలోకి వెళ్ళిపోయారు.

బస్టాప్ దాకా దింపడానికి వచ్చినప్పుడు మావాడు అన్నాడు: "నువ్వు కొంచెం లిహాజ్ చూపించాల్సింది రా."

"లిహాజ్ అంటే?"

"రెస్పెక్ట్ లాంటిది."

"మరి నేను 'తాతగారూ', 'అండీ' అనే అన్నాను కదా."

"అది కాదు."

"అయితే మొహమాటమా?"

వాడు కాసేపు ఆలోచించి, "అదీ కాదు" అన్నాడు. ఈలోగా బస్సు వచ్చేసింది.

నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఏదైనా మాట తట్టకపోతే ఇంగ్లీష్‌లో ఉంటుందిలే అనే ధీమాతో పెరిగాను. ఈ మాటకి రెండూ చాల్లేదు. నిఘంటువులో చూస్తే గౌరవం, మర్యాద, పరిగణన, సంకోచం అనే అర్థాలు వరసగా ఉన్నాయి. మేం క్లాసులో నేర్చుకునే హ్యాష్ మ్యాప్‌లో ఒక కీ ఇస్తే ఒక వాల్యూ వస్తుంది. ఇక్కడ నాలుగొచ్చాయి, ఒక్కటీ సరిపోలేదు. గౌరవం నేను ఇచ్చాననే అనుకున్నాను. ఆ రోజు నాలో లేనిదేదో వేరే ఉంది.

మరుసటి వారం మావాడు వాళ్ళ అమ్మగారిని అడిగి వచ్చాడు. ఆవిడకి ఉర్దూ రాయడం, చదవడం బాగా వచ్చు. ఉర్దూలో 'జ' లాంటి శబ్దానికి చాలా అక్షరాలున్నాయట. మన లిపిలో రాస్తే తెహజీబ్‌లోని 'జ', లిహాజ్‌లోని 'జ' ఒకటే. ఉర్దూలో మాత్రం అవి రెండు వేరే అక్షరాలు. ఆ అక్షరం పట్టుకుంటేనే మాట ఏ అరబ్బీ ధాతువు నుంచి వచ్చిందో తెలుస్తుంది. లిహాజ్ వచ్చిన ధాతువుకి కంటి చివరతో చూడడం అని అర్థం. క్షణం అనే అర్థంలో వాడే 'లమ్హా' కాకుండా ఉర్దూలో 'లహ్‌జా' అని ఇంకో మాట ఉంది. అదీ ఈ ధాతువు నుంచి వచ్చిందే. ఒక చూపు పట్టేంత కాలం అన్నమాట.

అంటే లిహాజ్ మొదట ఒక చూపు. ఎదుటి మనిషి ఎవరు, వయసెంత, పక్కన ఎవరున్నారు, ఈ మాట ఇప్పుడంటే ఆయనకి ఎలా ఉంటుంది, ఇవన్నీ ఓరకంట చూసుకుని, దాన్నిబట్టి మన మాటని సర్దుకోవడం. నేను ఫోన్ చూశాను, డేట్ చూశాను. ఆయన మొహం చూడలేదు.

నిజానికి ఇంగ్లీషు మరీ ఖాళీ ఏం కాదు. 'రిగార్డ్' అన్న మాట కూడా చూడడం నుంచే వచ్చింది. ఉర్దూలో 'ఉమ్ర్ కే లిహాజ్ సే' అంటే వయసు దృష్ట్యా అని. 'విత్ రిగార్డ్ టు' కూడా ఇలాంటిదే. మన 'దృష్ట్యా'లోనూ ఉన్నది చూపే. కానీ రిగార్డ్ ఇప్పుడు ఈమెయిల్ చివర్లో సంతకం పైన పెట్టే మాట అయిపోయింది. నోరు జారబోతుంటే ఆపే పని అది చెయ్యదు. లిహాజ్ చేసేది ఆ పనే.

మరి మొహమాటం ఎందుకు కాదు? ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు, ఎందుకంటే రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ మనిషి నోరు మూసుకునే ఉంటాడు. తేడా క్రియాపదంలో దొరికింది. తెలుగులో మొహమాటం 'పడతాం'. భయపడినట్టు, సిగ్గుపడినట్టు, అది మనకి జరుగుతుంది. ఎవరైనా మనల్ని మొహమాట 'పెట్టొచ్చు' కూడా. 'ఇంకో రెండు గారెలు వేసుకో' అని పిన్ని చేసే పని అదే. ఉర్దూలో లిహాజ్ 'చేస్తారు' లేదా 'ఉంచుతారు'. అది మనం తెలిసి చేసే పని. మొహమాటంలో ఇబ్బంది నాది, నన్ను నేను కాపాడుకుంటాను. లిహాజ్‌లో నేను కాపాడేది ఎదుటివాళ్ళని.

దీనికి మా సొంత ఉదాహరణ ఒకటుంది. ఫెస్ట్ రిజిస్ట్రేషన్ కోసం ఒక సీనియర్ వెబ్‌సైట్ రాశారు. ఒకే సీటుకి ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరికీ కన్ఫర్మ్ అయిపోతోంది. టెస్ట్ చేస్తున్నప్పుడే మేం ముగ్గురం చూశాం. 'అన్న ఫీలవుతాడేమో' అని ఎవరం చెప్పలేదు. దానికి మేం గౌరవం అని పేరు పెట్టుకున్నాం. మొదటి రోజే వర్క్‌షాప్‌లో ఉన్న సీట్ల కంటే ఎక్కువ మంది వచ్చారు, అన్న అందరి ముందు మాటలు పడ్డాడు. మాది మొహమాటం. చెప్పే క్షణంలో మాకు కలిగే ఇబ్బంది నుంచి తప్పించుకున్నాం, ఆ ఇబ్బంది పదింతలై అన్నకి వెళ్ళింది. లిహాజ్ ఉండుంటే ముందు రోజు రాత్రి రూమ్‌కి వెళ్ళి తలుపేసి చెప్పేవాళ్ళం. లిహాజ్ అంటే నిజం దాచడం కాదు. ఎక్కడ, ఎవరి ముందు, ఏ గొంతుతో చెప్పాలో చూసుకోవడం.

తెహజీబ్‌ది ఇంకో రకం చిక్కు. దాని ధాతువుకి చెట్టు కొమ్మలు కత్తిరించి బాగుచెయ్యడం అనే అర్థం ఉంది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో మొదలుపెట్టిన ఉర్దూ పత్రిక పేరు 'తెహజీబ్-ఉల్-అఖ్లాక్', అంటే నడవడికని తీర్చిదిద్దడం. ఒక ఊరి జీవనవిధానాన్నీ తెహజీబ్ అంటారు, ఒక పిల్లాడి ప్రవర్తననీ తెహజీబ్ అంటారు. తెలుగులో దీన్ని రెండు ముక్కలు చెయ్యాలి. ఊరికైతే సంస్కృతి, పిల్లాడికైతే సంస్కారం. రెండూ ఒకే చోట పుట్టిన మాటలే గానీ ఇప్పుడు వేరు కాపురాలు పెట్టాయి. 'మన సంస్కృతి గొప్పది' అని స్టేజి మీద చెప్పి, కిందికి దిగి వాచ్‌మన్‌ని 'ఒరేయ్' అనొచ్చు. తెలుగులో ఆ రెండింటికీ ఏ గొడవా రాదు. తెహజీబ్ అన్న మాటతో అలా తప్పించుకోవడం కొంచెం కష్టం. ఉర్దూ మాట్లాడేవాళ్ళందరూ అలా ఉంటారని కాదు, మాటలో ఆ ముడి ఉందని మాత్రమే అంటున్నా.

మన దగ్గరికి ఉర్దూ, పారశీ మాటలు రాలేదా అంటే బోలెడు వచ్చాయి. ఈ తీరం గోల్కొండ కింద, తర్వాత నిజాం కింద ఉండి, 1766 ఒప్పందంతో కంపెనీ చేతికి వెళ్ళింది. జిల్లా, తహసీల్దారు, జమ, బాకీ, రాజీనామా అన్నీ తెలుగై కూర్చున్నాయి. అవి కచేరీ మాటలు, కాగితాలతో పాటు వచ్చేశాయి. లిహాజ్ ఏ కాగితం మీదా ఉండదు కాబట్టి రాలేదనుకున్నాను.

కానీ దాని చుట్టం ఒకటి వచ్చింది. పేపర్లో రోజూ చూస్తాం: 'తప్పు చేస్తే ఎలాంటి ములాజా లేకుండా చర్యలు తీసుకుంటాం.' ములాజా అంటే ఉర్దూ 'ములాహిజా'. లిహాజ్ ధాతువే. చూడడం, గమనించడం, ఆ తర్వాత మనిషిని చూసి దయతలచడం. ఇది మనకి ఎక్కువగా 'లేకుండా'తోనే కనిపిస్తుంది. అందులోనూ న్యాయం ఉంది. మనిషిని చూసి చట్టం మెత్తబడితే అది పక్షపాతం. ఫైన్ రాసే అధికారికి ములాజా ఉండకూడదు. అందుకే లిహాజ్ అన్నిచోట్లా మంచిదని నేను అనను. పెద్దాయన అని ఊరుకుంటే తప్పు తప్పుగానే ఉండిపోతుంది. కానీ టీ తాగే గది కచేరీ కాదు. నేను ఆ రోజు అక్కడ ములాజా లేకుండా చర్య తీసుకున్నాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం కోసం పోర్టు చరిత్ర మళ్ళీ చదివాను. 1933 డిసెంబర్ 19 వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించిన రోజు. మొదటి ఓడ 'జలదుర్గ' లోపలికి వచ్చింది అంతకు ముందే, అక్టోబర్ 7న. తాతగారు చెప్పింది ఓడ గురించి. నేను చదివింది ప్రారంభోత్సవం గురించి. ఆయన చెప్పింది కరెక్టే.

మావాడికి చూపిస్తే నవ్వాడు. "నానాకి రెండు డేట్లూ తెలుసు రా. నువ్వెళ్ళాక మాకు చెప్పారు. నీ ఫ్రెండ్స్ ముందు ఎందుకులే అని ఊరుకున్నారంట."

డెబ్భై దాటిన మనిషి, పంతొమ్మిదేళ్ళవాడి పరువు పోకుండా చూశారు. గౌరవం అనే మాట ఇక్కడ పూర్తిగా చేతులెత్తేసింది, ఎందుకంటే మన వాడుకలో గౌరవం కింద నుంచి పైకి వెళ్తుంది. లిహాజ్ పై నుంచి కిందికి కూడా వస్తుంది.

పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. సారీ చెప్పాలని దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. కానీ అందరూ ఉన్న గదిలో అది ఎత్తితే, ఆయన అంత జాగ్రత్తగా దాచిన విషయాన్ని నేనే బయటపెట్టినట్టు అవుతుంది. టీ వచ్చింది. ఫోన్ జేబులోనే ఉంచాను.

"తాతగారూ, ఆ అక్టోబర్ ఓడ సంగతి మళ్ళీ ఒకసారి చెప్తారా?" అన్నాను.

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశారు. "కూర్చో బేటా" అని, వాళ్ళ నాన్న ఆ రోజు పనికి ఎగనామం పెట్టి ఒడ్డుకి వెళ్ళిన దగ్గర నుంచి మొదలుపెట్టారు.