పెద్దవాళ్ల పోస్టు కింద మనం రాసే నాలుగు మాటలు

మన గ్రూపులో చాలామంది లింక్డ్‌ఇన్ ఖాతా తెరిచారు. పెద్ద కంపెనీలవాళ్ల పోస్టుల కింద "గ్రేట్ సార్", "వెరీ ఇన్‌స్పైరింగ్" అని రాస్తున్నారు. అలాంటివి ఒక్కో పోస్టు కింద వందల్లో ఉంటాయి. ఎవరి పేరూ ఎవరూ నొక్కరు. నొక్కాలంటే, "ఈ మనిషికి ఈ సంగతి ఎలా తెలిసింది?" అని చదివినవాళ్లకు అనిపించాలి. అది ఎలా అవుతుందో మేము చేసిన ఒక కామెంటుతోనే చెప్తాం.

మేము ముగ్గురం ఒకే హాస్టల్ గదిలో ఉంటాం. ముగ్గురి ఇళ్లూ పాడేరు వైపే, ముగ్గురికీ కాఫీ తోటలున్నాయి. కాఫీ వ్యాపారంలో పేరున్న ఒకాయన ఒక పోస్టు పెట్టారు. రుచి బాగుండాలంటే ఎర్రగా పండిన పండే కోయాలి, రైతులకు అందులో శిక్షణ ఇవ్వాలి అన్నది దాని సారాంశం. మొదటి మాట నిజమే. పచ్చికాయ పల్పింగ్ మిషన్‌లో తొక్క సరిగా వదలదు, కప్పులో పచ్చివాసన వస్తుంది. కానీ రెండో మాట దగ్గర మేము ఆగాం. ఏది పండో ఏది కాయో మా అమ్మలకు ఎవరూ నేర్పక్కర్లేదు. మరి చివరి కోతలో కొమ్మ ఎందుకు దూసేస్తారు?

దీనికి జవాబు కూలి లెక్కలో ఉంది. మా తోటలో చివరి కోతకి ఒక మనిషి ఎర్రపండు మాత్రమే ఏరితే రోజుకి 25 కిలోలు, కొమ్మ దూస్తే 40 కిలోలు వచ్చాయి. ధర ఏటా మారుతుంది కాబట్టి, లెక్క కోసం ఎర్రపండు కిలో 50, కలిసిన కాయ కిలో 40 రూపాయలు అనుకుందాం. ఏరితే 1250, దూస్తే 1600. ఎర్రపండుకి కిలో 64 దాటితేనే ఏరినవాళ్లకు రోజు గిట్టుబాటు. మొదటి కోతల్లో పచ్చికాయ చెట్టు మీదే ఉంచితే తర్వాత పండుతుంది, నష్టం లేదు. చివర్లో మాత్రం ఆ కాస్త కాయ కోసం ఇంకోసారి కొండెక్కడానికి మనిషి దొరకరు.

కామెంటులో ఇదే రాశాం. ముందు తెలుగులో రాసుకుని, తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టాం. కామెంటులో పై రెండు మూడు లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే "మాది కాఫీ రైతు కుటుంబం, చివరి కోతలో పచ్చికాయ కలవడానికి కారణం తెలియకపోవడం కాదు, కూలి గిట్టకపోవడం" అన్నది మొదటే పెట్టాం. తర్వాత 25, 40 లెక్క. చివర్లో ఒక్క ప్రశ్న: "చివరి కోతకి మీరు ఎర్రపండుకి వేరే ధర ఇస్తారా?" ఆయన తప్పు అనలేదు, ఆయన మాటకి మాకు తెలిసింది కలిపాం. ఉద్యోగం అడగలేదు, ఫోన్ నంబరు పెట్టలేదు. అవి కనబడగానే చదివేవాళ్లు పక్కకు పోతారు.

కామెంటు పెట్టేముందు ఇంకో పని చేశాం. కామెంటు దగ్గర మన పేరు కిందే హెడ్‌లైన్ కనబడుతుంది. అక్కడ ఉత్త "స్టూడెంట్" అని ఉండేది. దాన్ని "బీఎస్సీ విద్యార్థి, కాఫీ రైతు కుటుంబం, కోత నుంచి ఎండబెట్టడం వరకు పని తెలుసు" అని మార్చాం. ప్రొఫైల్ లోపల కూడా ఆ పని గురించి నాలుగు లైన్లు, ఎండబెట్టే బల్లల ఫోటో పెట్టాం. కామెంటు ఒకటి చెప్పి ప్రొఫైల్ ఖాళీగా ఉంటే వచ్చినవాళ్లు వెంటనే వెళ్లిపోతారు.

పోస్టు పెట్టినాయన జవాబివ్వలేదు. ఎక్కువగా ఇవ్వరు కూడా. కానీ ఆ పోస్టు కింద కామెంట్లు చదివేవాళ్లలో అదే రంగంలో కొనుగోలు, నాణ్యత చూసేవాళ్లు ఉంటారు. మనకు కావలసింది వాళ్లే. ఒక కొనుగోలు మేడమ్ కామెంటు కిందే "మొదటి కోతకి ఎంత వస్తుంది?" అని అడిగారు. ఆ రోజే జవాబు రాశాం. తర్వాత ప్రొఫైల్ చూసినవాళ్లలో ఆమె పేరు కనబడింది. డబ్బు కట్టని ఖాతాకి చూసినవాళ్లలో కొద్దిమందే కనబడతారు, కాబట్టి సంఖ్య చూసి సంబరపడొద్దు. వాళ్ల పేరు పక్కన ఏ పని రాసి ఉందో చూడండి. మన క్లాస్‌మేట్లు ఇరవైమంది చూసినదానికంటే ఆ రంగంలో పనిచేసే ఒక్కరు చూసింది ఎక్కువ.

ఆమె మాకు ఉద్యోగం ఇవ్వలేదు. కోత రోజుల్లో తోట చూడ్డానికి రావచ్చా అని మెసేజ్ పెట్టారు. రమ్మన్నాం. ధర సంగతి అక్కడ మా అమ్మలే అడుగుతారు.

తేనె, చింతపండు, అడ్డాకులు, పసుపు... ఎవరింటి పని వాళ్లకు తెలుసు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ సరుకు గురించి ఎవరైనా పెద్దవాళ్లు రాస్తే, వాళ్ల లెక్కలో మీ ఇంట్లో తెలిసిన ఏ అంకె లేదో ముందు వెతకండి. అది దొరికిన రోజే కామెంటు రాయండి.